ఆడిటర్ చేతిలో ఉన్న రిస్క్

ఖాతాల్లో పెద్ద తప్పున్నా, అవి సరిగ్గానే ఉన్నాయని ఆడిటర్ సంతకం చేసే అవకాశమే ఆడిట్ రిస్క్. ఇది మూడు రిస్కుల లబ్ధం. లెక్క స్వభావం వల్లే తప్పు దొర్లడం స్వాభావిక రిస్క్, సంస్థ సొంత తనిఖీలు దాన్ని ఆపలేకపోవడం నియంత్రణ రిస్క్, ఆడిటర్ పరీక్షలకూ అది చిక్కకపోవడం గుర్తింపు రిస్క్. మొదటి రెండింటినీ ఆడిటర్ అంచనా వేయగలడంతే. మూడోది మాత్రం అతని శ్రమను బట్టి తగ్గుతుంది.

ఒక రైస్ మిల్లు నిల్వల విషయంలో ఆడిట్ రిస్క్ 5 శాతం దాటకూడదనుకుందాం. స్వాభావిక రిస్క్ 80, నియంత్రణ రిస్క్ 50 శాతమైతే గుర్తింపు రిస్క్ 12.5 శాతం దాకా ఉండొచ్చు. గోదాము తాళాలూ స్టాకు రిజిస్టరూ ఒకే గుమస్తా దగ్గర ఉన్నాయని తేలితే నియంత్రణ రిస్క్ 100 శాతమే. గుర్తింపు రిస్క్ 6.25 శాతానికి దిగాలి. అప్పుడు మరిన్ని బస్తాలను, అదీ మార్చి 31కి దగ్గరగా, స్వయంగా లెక్కపెట్టాలి. నిజానికి ఈ శాతాలు కొలతలు కావు, వృత్తిపరమైన అంచనాలు. అందుకే చాలామంది ఎక్కువ, మధ్యస్థం, తక్కువ అనే రాసుకుంటారు.

అంచనా ఎలా ఉన్నా పరీక్ష డొల్లయితే ఫలితం ఉండదు. హైదరాబాద్‌లోని సత్యం కంప్యూటర్స్ ఖాతాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో రూ.5,040 కోట్లు లేనేలేవని 2009 జనవరిలో బయటపడింది. బ్యాంకుల ధ్రువీకరణ పత్రాలను ఆడిటర్లు నేరుగా తెప్పించుకోకుండా కంపెనీకే వదిలేశారని అమెరికా నియంత్రణ సంస్థ ఎస్ఈసీ 2011లో పేర్కొంది.