కుమ్మరి మాట, పరిశోధకుని కూర్పు: ధ్వనిముద్రణ నుండి పరిచయవ్యాసం

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ పదాలను సేకరించింది. పరిచయవ్యాసానికి పదంతోపాటు వాక్యమూ కావాలి.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌.బి.నగర్‌ల నడుమ రహదారి పక్కన కుండలమ్మే కుమ్మరిని మట్టి ఎందుకు నానబెడతారని అడిగామనుకుందాం. జవాబు ఇలా ఉండవచ్చు: “నానాలె సార్, మట్టి నానాలె. నానకుంటే సారె మీద నిలవదు, పక్కకు వాల్తది.” మొదట దీనిని నిమిషాల గుర్తుతో యథాతథంగా రాసుకోవాలి. తరువాత ప్రశ్నను కథనంలో కలిపి, పునరుక్తిని విడిచిపెట్టవచ్చు: మట్టి నానవలసిన కారణాన్ని ఆయన ఇలా చెబుతారు: “నానకుంటే సారె మీద నిలవదు, పక్కకు వాల్తది.”

దీనినే “సిద్ధం కాని మట్టి చక్రంపై స్థిరంగా ఉండదు” అని సంస్కరిస్తే, పచ్చి కుండ పక్కకు వాలడమనే కంటికి కనిపించే గుర్తు పోతుంది. ‘సారె’ వంటి వృత్తిపదానికి అర్థం ఉల్లేఖనం వెలుపలే ఇవ్వాలి.

వేర్వేరు నిమిషాల మాటలను ఒకే ఉల్లేఖనంలో అతికితే ఆయన అనని వాక్యం పుడుతుంది. వాటిని రెండుగానే ఉంచాలి. చివరగా ముద్రణను వింటూ ప్రతిని సరిచూడాలి. వాహనాల రొదలో వినబడని మాటను ఊహించి ఉల్లేఖనంలో చేర్చరాదు. పూర్తయిన ప్రతిని ఆయనకు చదివి వినిపించి, అంగీకారం పొందిన తరువాతే ప్రచురణకు పంపాలి.