జపాన్‌కి మొదటి ఉత్తరం

పదో తరగతి ఇంగ్లిష్ పరీక్ష రాసినవాళ్ళకి ఈ ప్రశ్న పరిచయమే. విదేశంలో ఉన్న మీ కలం స్నేహితుడికి మీ ఊరి పండగ గురించో, మీ బడి గురించో ఉత్తరం రాయండి అంటారు. పైన ఒక మూల ఊరూ తేదీ వేస్తాం. నేనిక్కడ క్షేమం, నువ్వూ క్షేమమని తలుస్తాను అని మొదలుపెడతాం. అసలు పేరు రాయకూడదు కాబట్టి సంతకం చోట ‘ఎక్స్‌ ఎక్స్‌ ఎక్స్‌’ అని పెట్టేస్తాం. ఆ ఉత్తరం ఎక్కడికీ పోదు, దానికి జవాబూ రాదు. అవతలి మనిషి బదులు చెప్పడానికి వీలైన మాట అందులో ఒక్కటీ లేకపోయినా మార్కులు పడతాయి. ఇబ్బందల్లా నిజమైన కలం స్నేహితుడు దొరికినప్పుడు పిల్లలు అదే ఉత్తరాన్ని కవరులో పెట్టి పంపేయడం.

ఒకప్పుడు ఇలాంటి స్నేహాలు కలపడానికి సంస్థలే ఉండేవి. ఫిన్లాండ్‌లోని తుర్కు నగరం నుంచి 1952లో మొదలైన ఇంటర్నేషనల్ యూత్ సర్వీస్ వాటిలో పేరున్నది. ఏ దేశం, ఎంత వయసు, ఏ ఆసక్తులు అని ఫారంలో నింపి పంపితే సరిపోయే చిరునామా పంపేవారు. 2008లో అది మూతపడింది. ఇప్పుడు ఎక్కువగా ఇది టీచర్ల చేతి మీదుగా జరుగుతోంది. ఇక్కడి ఒక తరగతీ అక్కడి ఒక తరగతీ మాట్లాడుకుని పిల్లలను జతలుగా కలుపుతాయి, ఉత్తరాలు బడి చిరునామాకే వస్తాయి. పిల్లల ఇంటి చిరునామా, ఫోన్ నంబరు ముక్కూమొహం తెలియని చోటికి పోకుండా ఉంటాయి కాబట్టి ఈ పద్ధతే మేలు.

ఒక ఉత్తరాన్ని కట్టి చూద్దాం. రాసేది భూదాన్ పోచంపల్లిలో ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి అనుకుందాం. పేరు గుర్రం శ్రావణి. అందుకునేది జపాన్‌లో ఫుకువొకా రాష్ట్రంలోని కురుమె పట్టణపు బడిలో చదివే ఈడుపిల్ల. టీచరు ఇచ్చిన చీటీలో ఆ అమ్మాయి పేరు తనాకా యూకి అని ఉంది.

పేరు దగ్గరే మొదటి చిక్కు. ఇందులో ఇంటిపేరు ఏది? జపాన్‌లో మనలాగే ఇంటిపేరు ముందు, పేరు వెనక. కానీ ఇంగ్లిష్ అక్షరాల్లో రాసేటప్పుడు తిరగేసి రాయడం వాళ్ళకి ఎన్నాళ్ళుగానో అలవాటు. ప్రభుత్వ పత్రాల్లో మళ్ళీ ఇంటిపేరే ముందు రాయాలని అక్కడి ప్రభుత్వం 2020 నుంచి పాటిస్తోంది. అందువల్ల చీటీలో వరస చూసి ఏది ఏదని తేల్చుకోలేం, టీచరుని అడిగి తెలుసుకోవాలి. ఇంటిపేరు పక్కన ‘సాన్’ చేర్చి తనాకా సాన్ అని పిలిస్తే మొదటి ఉత్తరానికి తగిన మర్యాద. అది మన ‘గారు’ లాంటిదే, అందుకే తన పేరుకి తాను తగిలించుకోకూడదు. శ్రావణి తన సంగతీ ఇలాగే విడమరచాలి. జి. శ్రావణి అని సంతకం పెడితే ఆ ‘జి’ ఏమిటో జపాన్ పిల్లకి అంతుపట్టదు. మా ఇంటిపేరు గుర్రం, మీలాగే మేమూ దాన్ని ముందు రాస్తాం, నన్ను శ్రావణి అని పిలువు అని రాస్తే ఒక సందేహం తీరుతుంది, చెప్పుకోవడానికి ఒక పోలికా దొరుకుతుంది.

ఇక పలకరింపు. మన పాత ఉత్తరాలు ‘ఉభయకుశలోపరి’తో మొదలయ్యేవి. బంధువుల మధ్య ఆ క్షేమ సమాచారానికి అర్థముంది. ఇంతవరకూ పరిచయమే లేని మనిషికి నేను క్షేమం అని చెబితే ఆమె ఏమని బదులివ్వాలి? జపనీయుల సంప్రదాయ లేఖలు ఋతువు మాటతో మొదలవుతాయి. పూలు విచ్చాయనో, ఎండలు ముదిరాయనో ఒక వాక్యం రాసి తర్వాత విషయంలోకి వస్తారు. జూలైలో రాస్తున్న శ్రావణికి ఇది కలిసొచ్చే సంగతి. తెలంగాణలో బళ్ళు జూన్‌లో తెరుస్తారు, వానలూ అప్పుడే దిగుతాయి. జపాన్‌లో చాలా ప్రాంతాలకు జూన్, జూలై నెలలు వానాకాలమే, కానీ చదువుల సంవత్సరం మాత్రం ఏప్రిల్‌లోనే మొదలైపోతుంది. కాబట్టి మొదటి వాక్యాలు ఇలా ఉండొచ్చు:

“తనాకా సాన్, నమస్కారం. మా ఊళ్ళో వానలు మొదలయ్యాయి. బడి తెరిచి నెల అయింది, నా కొత్త పుస్తకాల అట్టలు అప్పుడే తడిశాయి. మీకూ ఇది వానాకాలమేనని టీచర్ చెప్పారు. నువ్వు బడికి నడిచి వెళ్తావా, సైకిల్ మీదా?”

తర్వాత తనను పరిచయం చేసుకోవాలి. చాలా ఉత్తరాలు చప్పబడేది ఇక్కడే. మా నాన్న చేనేత కార్మికుడు, అమ్మ గృహిణి, నాకొక తమ్ముడు, నా హాబీలు పుస్తకాలు చదవడం, క్రికెట్ చూడడం. అబద్ధం ఒక్కటీ లేదు, కానీ ఏ ఊరి పిల్లైనా రాయగల వాక్యాలివి. పోచంపల్లి పిల్ల మాత్రమే రాయగలిగినవి వేరే ఉన్నాయి. అక్కడి చీరల్లో బొమ్మ నేశాక అద్దేది కాదు. నేయకముందే నూలును చోటుచోటా గట్టిగా కట్టి రంగులో ముంచుతారు, కట్టిన చోట రంగు అంటదు. అలా కట్టడానికి ముందు నూలును అర్ధచంద్రంలా మేకులు దిగ్గొట్టిన చట్రం మీద అటూ ఇటూ చుట్టాలి. దీన్నే ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకి చెయ్యి వేలసార్లు ఊగాలి. ఈ పని ఎక్కువగా ఇంటి ఆడవాళ్ళే చేసేవాళ్ళు, భుజాలు పడిపోయేవి. తల్లి పడే ఆ బాధ చూడలేకే చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశారు. దానికి ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. అమ్మ గృహిణి అన్న రెండు మాటల కింద ఇదంతా దాగి ఉంటుంది. అయితే ఇదంతా గుమ్మరిస్తే అది ఉత్తరం కాదు, పాఠం అవుతుంది. ఈ మాత్రం చాలు:

“మా నాన్న మగ్గం మీద చీరలు నేస్తాడు. నేయకముందే నూలును కట్టి రంగులో ముంచుతారు, అప్పుడు నేస్తుంటే బొమ్మ తేలుతుంది. దానికి నూలు సిద్ధం చేసేది మా అమ్మ. మా అమ్మమ్మ ఆ పని చేత్తోనే చేసేది, ఇప్పటికీ చెయ్యి పైకెత్తలేదు. మా ఇంట్లో ఇప్పుడు దానికి యంత్రం ఉంది. నేను ఆదివారాలు నూలు కట్టడంలో సాయం చేస్తాను, కానీ ముడులు వదులుగా పడుతున్నాయని నాన్న తిడతాడు.”

చివరి వాక్యాన్ని కొట్టేయమని ఇంట్లో పెద్దవాళ్ళు అనొచ్చు. కొట్టేయకూడదని నా అభిప్రాయం. అవతలి పిల్లకి నవ్వొచ్చేది అక్కడే, తనను వాళ్ళ నాన్న దేనికి తిడతాడో రాయాలనిపించేదీ అక్కడే.

ఇక ప్రశ్నలు. మీ దేశం గురించి చెప్పు అని అడిగితే ఎంత రాయాలో తెలియక అవతలివాళ్ళు కలం పక్కన పెట్టేస్తారు. తన ఇంట్లోంచో బడిలోంచో చూసి చెప్పగలిగేది అడగాలి. జపాన్ బళ్ళలో చాలాచోట్ల పిల్లలే తరగతి గదులు ఊడ్చి తుడుస్తారు, మధ్యాహ్న భోజనం తరగతి గదిలోనే వడ్డించుకుని తింటారు. నిన్న ఏం పెట్టారు, ఈ వారం వడ్డన ఎవరిది అంటే జవాబు నాలుక చివరే ఉంటుంది. కురుమె విషయంలో శ్రావణికి ఇంకో అదృష్టం ఉంది. ఆ ఊరు ‘కసూరి’ అనే నేతకి పేరుపడింది. అదీ నూలును ముందే కట్టి, నీలిమందులో ముంచి నేసే బట్టే. సుమారు 1800 ప్రాంతంలో ఇనొవె దెన్ అనే చిన్నపిల్ల ఆ నేతకి అక్కడ నాంది పలికిందని చెబుతారు. అప్పటికి ఆమె ఈడు దాదాపు శ్రావణిదే. మీ ఇంట్లో నీలం కసూరి బట్ట ఉందా, ఉంటే దాని మీద ఏ బొమ్మ ఉందో గీసి పంపుతావా అన్న ఒక్క ప్రశ్న చాలు, ఆ పిల్ల వాళ్ళ నాయనమ్మ పెట్టె తెరిపిస్తుంది. మొదటి ఉత్తరానికి ఇలాంటివి రెండు మూడు ప్రశ్నలే ఉండాలి. పది అడిగితే దరఖాస్తు ఫారంలా కనిపిస్తుంది.

ఉత్తరం ఇంగ్లిష్‌లోనే రాయాలి కదా, అక్కడ ఒక జాగ్రత్త కావాలి. జపాన్ బళ్ళలో ఇంగ్లిష్ పూర్తి స్థాయి పాఠ్యాంశంగా అయిదో తరగతి నుంచి ఉంటుంది, అదీ 2020 నుంచే. మన ఇంగ్లిష్ మీడియం పిల్ల పొడుగు వాక్యాలు రాస్తే ఆ పిల్ల నిఘంటువు ముందేసుకుని కూర్చోవాలి. చిన్న వాక్యాలు రాయాలి. కలిపిరాత అసలే వద్దు, అచ్చు అక్షరాల్లా విడివిడిగా రాయాలి. తేదీలో 4/7 అని వేస్తే మనకి జూలై నాలుగు, వాళ్ళకి ఏప్రిల్ ఏడు. నెల పేరు అక్షరాల్లో రాస్తే ఆ తకరారు ఉండదు.

కవరులో ఏం పెట్టాలి అన్నదాని కంటే ఏం పెట్టకూడదో తెలియడం ముఖ్యం. చీర ముక్క పెట్టాలని శ్రావణికి ఎలాగూ అనిపిస్తుంది. బట్ట ముక్క అయినా సరే అది కాగితం కాదు, సరుకు కిందకి వస్తుంది, కస్టమ్స్ కాగితం లేకుండా మామూలు ఉత్తరంలో పంపకూడదు. గింజలు, ఎండుపూలు మొక్కల క్వారంటైన్ దగ్గర ఆగిపోతాయి. నోట్లు, నాణేలు వద్దేవద్దు. రంగు పెన్సిళ్ళతో చీర అంచు గీసి పంపడం సురక్షితం, పైగా కసూరి బొమ్మ గీసి పంపమని అడగడానికి అప్పుడు న్యాయమూ ఉంటుంది.

తూకం కూడా చూసుకోవాలి. విదేశీ ఉత్తరానికి తపాలా మొదటి మెట్టు 20 గ్రాములు. మామూలు ఎ4 కాగితం ఒకటి 5 గ్రాములు తూగుతుంది, కాబట్టి కవరుతో కలిపి మూడు కాగితాలకే మెట్టు అంచుకు వచ్చేస్తాం. రెండు కాగితాల మీద రెండు వైపులా రాసి, మూడోది బొమ్మకి ఉంచుకుని, ఎందుకైనా మంచిదని పోస్టాఫీసు కౌంటర్లోనే తూయించి స్టాంపులు అంటించాలి. కవరు మీద చిరునామాలో వాళ్ళ ఏడంకెల పోస్టల్ కోడ్ తప్పకుండా ఉండాలి. దేశం పేరు చివరి వరసలో విడిగా ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో రాయాలి. ఇక్కడి తపాలావాళ్ళు ముందుగా చూసేది దాన్నే. పంపేవారి చోట బడి చిరునామా, ఆరంకెల పిన్‌తో సహా, కింద ఇండియా అని ఉండాలి. మనం ఊళ్ళో ఉత్తరాలకి దేశం పేరు రాయం కనుక పిల్లలు ఎక్కువగా మరిచేది ఆ ఒక్క మాటనే, అది లేకపోతే జవాబు రాసేవాళ్ళకి తిప్పలు.

అంటించే ముందు ఉత్తరాన్ని ఒక నకలు తీసి పెట్టుకోవాలి. పోనూ రానూ ప్రయాణం, మధ్యలో వాళ్ళ పరీక్షలో సెలవులో కలుపుకుంటే జవాబు రావడానికి నెలా రెండు నెలలు పట్టొచ్చు. అప్పటికి శ్రావణికి తాను ఏం అడిగిందో గుర్తుండదు. ‘అవును, ఉంది, నీలం మీద తెల్ల గళ్ళు’ అని రాసి ఉన్న వాక్యం దేనికి జవాబో తెలియాలంటే ఆ నకలే చూసుకోవాలి.