‘కన్ఫర్మ్’ అని పంపేముందు

అమెరికాలో ఐటీ కాంట్రాక్టు ఉద్యోగం వెతుక్కునే మనవాళ్లకు ఆర్‌టీఆర్ అంటే కొత్తగా చెప్పక్కర్లేదు. రైట్ టు రిప్రజెంట్ అని దాని పూర్తి పేరు. ఫలానా కంపెనీకి, ఫలానా పోస్టుకు మీ రెజ్యూమె పంపడానికి అనుమతిస్తారా అని రిక్రూటర్ అడిగే మెయిల్ అది. హైదరాబాద్‌లో రాత్రంతా మేలుకుని అమెరికా వేళలకు పనిచేసే రిక్రూటర్లు పంపేవాటిలో ముఖ్యమైనది ఇదే. అవతలివాళ్లు ఫోన్లోనే ఒక్క ముక్కలో ‘కన్ఫర్మ్’ అని కొట్టి పంపేస్తుంటారు. ఎక్కువ నష్టం జరిగేది ఆ తొందరలోనే.

ఈ అనుమతి ఎందుకు పుట్టిందో తెలిస్తే దాన్ని చదివే తీరు మారుతుంది. ఒక పెద్ద బ్యాంకుకు జావా డెవలపర్ కావాలనుకోండి. ఆ అవసరాన్ని బ్యాంకు ఫీల్డ్‌గ్లాస్, బీలైన్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో పెడుతుంది. తన జాబితాలో ఉన్న వెండర్లందరికీ అది ఒకేసారి కనిపిస్తుంది. వాళ్ల కింద మరికొన్ని చిన్న కంపెనీలు ఉంటాయి. అలా ఒకే పోస్టు కోసం ఒకే అభ్యర్థికి నాలుగైదు చోట్ల నుంచి ఫోన్లు వస్తాయి. ఇద్దరు వెండర్లు ఒకే మనిషిని పెడితే కమీషన్ ఎవరిదన్న గొడవ మొదలవుతుంది. అందుకే పంపేముందు అభ్యర్థి రాతపూర్వకంగా ఒప్పుకున్నాడన్న ఆధారం దగ్గర పెట్టుకుంటారు. కొన్ని రాష్ట్ర ప్రభుత్వ శాఖల పోస్టులకైతే మెయిల్ చాలదు, సంతకం చేసిన ఫారమే కావాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. సోమవారం ఒక రిక్రూటర్ ఫోన్ చేసి, డాలస్‌లో జావా పోస్టు, ఏడాది కాంట్రాక్టు, గంటకు 60 డాలర్లు అన్నాడు. క్లయింటు ఎవరని అడిగితే, “ముందు మెయిల్ కన్ఫర్మ్ చెయ్యన్నా, తర్వాత చెప్తా” అన్నాడు. అభ్యర్థి కన్ఫర్మ్ చేశాడు. బుధవారం ఇంకొకరు పిలిచి, అదే ఊళ్లో బ్యాక్ ఎండ్ ఇంజినీరు పోస్టు, 66 డాలర్లు, క్లయింటు ఫలానా బ్యాంకు అన్నారు. పేరు వేరు, రేటు వేరు కాబట్టి వేరే ఉద్యోగమే అనుకుని దానికీ సరేనన్నాడు. నిజానికి రెండూ ఒకటే. పుట్టిన తేదీలో నెల, రోజు, సోషల్ సెక్యూరిటీ నంబరులో చివరి నాలుగంకెలు కలిపి చాలామంది వెండర్లు అభ్యర్థికి గుర్తుగా వాడతారు. ఆ గుర్తు రెండుసార్లు పడగానే డూప్లికేట్ అని తేలిపోతుంది. కొన్ని కంపెనీలు ముందు వచ్చినదాన్ని ఉంచుతాయి, కొన్ని రెండింటినీ పక్కన పడేస్తాయి. పక్కన పడేసినప్పుడు అతను ఎంత సమర్థుడో చూసేవారే ఉండరు.

ఇందులో తప్పు రెండో అనుమతిది కాదు, క్లయింటు పేరు లేకుండా ఇచ్చిన మొదటిదానిది. ఎవరికి పంపుతున్నారో తెలియని అనుమతి ఖాళీ చెక్కు మీద సంతకం లాంటిదే. తమను దాటి వేరొకరి ద్వారా వెళ్లిపోతారన్న భయంతో రిక్రూటర్లు ఆ పేరు దాస్తారు. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ పేరు ఫోన్లో ఎంత దాచినా, రాతలో అనుమతి అడిగే మెయిల్లో ఉండి తీరాలి. దాంతోపాటు పోస్టు పేరు, ఊరు, వీలైతే జాబ్ ఐడీ కూడా ఉండాలి. రెండు ఫోన్లు ఒకే పోస్టు గురించా అన్నది పేరును బట్టి తేలదు. జాబ్ ఐడీ, ఊరు, కాంట్రాక్టు గడువు కలిసినా, కావాల్సిన నైపుణ్యాల వివరణలో వాక్యాలు మక్కీకి మక్కీ ఒకటే ఉన్నా అనుమానించాలి.

మరో రెండు మాటల దగ్గర కాస్త ఆగాలి. ఒకటి రేటు. 60 డాలర్లని రాసినచోట అది డబ్ల్యూ2 మీదనా, సీ2సీ మీదనా అన్నది లేకపోతే అంకెకు అర్థం లేదు. డబ్ల్యూ2లో మీరు వాళ్ల జీతగాళ్లు. సీ2సీలో ఆ సొమ్ము మీ ఎంప్లాయర్‌కు చేరుతుంది, అతని వాటా పోగా మిగిలిందే మీకు. రెండోది ‘ఎక్స్‌క్లూజివ్’. అది ‘ఈ పోస్టుకు మాత్రమే’ అని ఉంటే న్యాయమే. ‘ఈ క్లయింటు దగ్గర ఏ పోస్టుకైనా, ఆరు నెలల పాటు’ అని ఉంటే ఒప్పుకోవద్దు. ఆ వాక్యం మార్చి పంపమని అడగండి. మార్చడం వాళ్లకు రెండు నిమిషాల పని.

కన్ఫర్మ్ చేసినంత మాత్రాన రెజ్యూమె వెళ్లినట్టు కాదు. ప్రొఫైళ్లు పోగేసుకోవడానికే అనుమతులు అడిగేవాళ్లూ ఉన్నారు. అందుకే జవాబులోనే, “ఈ జాబ్ ఐడీకి మాత్రమే అనుమతిస్తున్నాను. సబ్‌మిట్ చేశాక తేదీతో తెలియజేయండి. మూడు రోజుల్లోగా సబ్‌మిట్ చేయకపోతే ఈ అనుమతి రద్దయినట్టే” అని రాయడం మంచిది. మూడు రోజులు దాటినా కబురు లేకపోతే, అనుమతి వెనక్కి తీసుకుంటున్నానని అదే మెయిల్‌కు జవాబుగా రాసి, సబ్‌మిట్ చేయలేదని వాళ్ల నుంచి రాతలో తీసుకున్నాకే రెండో వెండర్‌కు సరేననాలి.