ఫోటోలో మడతపడ్డ వరుస

మొన్న రాత్రి మా మేనకోడలు వాట్సాప్‌లో ఒక ఫోటో పంపింది. భాగస్వామ్య ఖాతాల లెక్క. "మావయ్యా, రాముకి 96,000 వస్తోంది, పుస్తకంలో 88,000 ఉంది. పుస్తకం తప్పా?" అని కింద ఒక ముక్క.

రాము, సోము భాగస్వాములు. మూలధనాలు 4 లక్షలు, 2 లక్షలు. వాటిపై వడ్డీ 6 శాతం. ఇద్దరూ నెలకు 5,000 చొప్పున సొంతానికి వాడుకున్నారు. రాము నెల మొదట్లో తీసేవాడు, సోము నెలాఖరున. ఆ సొంతవాడకాలపై వడ్డీ 12 శాతం. మార్చి 31తో ముగిసిన ఏడాదికి ఈ వడ్డీలేవీ లెక్కలోకి తీసుకోకముందు లాభం 1,88,800. పంపకం 3:2.

మూలధనంపై వడ్డీ సులువే: 24,000, 12,000. ఒప్పందంలో రాసుకున్నారు కాబట్టి ఇస్తున్నాం. రాసుకోకపోతే 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం ఈ వడ్డీ రాదు, లాభం కూడా సమానంగానే పంచాలి.

పిల్లలు ఎక్కువగా తడబడేది సొంతవాడకాల దగ్గర. ఏడాదికి ఇద్దరూ తీసింది 60,000 చొప్పునే. కానీ రాము ఏప్రిల్ మొదట్లో తీసిన సొమ్ము 12 నెలలు అతని దగ్గరుంది, మార్చి మొదట్లో తీసింది ఒక్క నెలే. సగటు ఆరున్నర నెలలు. సోముకైతే 11 నుంచి సున్నా దాకా, అంటే సగటున ఐదున్నర. అందుకే వడ్డీ 3,900, 3,300. మా పిల్ల ఇదంతా సరిగ్గానే చేసింది. సంస్థకు రావలసిన ఈ 7,200 లాభానికి కలిపి, ఇవ్వాల్సిన 36,000 తీసేస్తే పంచాల్సింది 1,60,000.

దాన్ని 3:2లో పంచి 96,000 తెచ్చుకుంది. ఫోటో పెద్దది చేసి చూశాను. పేజీ అడుగున మడతపడ్డ వరుసలో "అక్టోబరు 1 నుంచి సమానంగా" అన్న మాటలు సగమే కనిపిస్తున్నాయి!

లాభం ఏడాది పొడవునా ఒకే తీరుగా వచ్చిందనుకుంటే, ఆర్నెల్లకు 80,000. మొదటి సగం 48,000, 32,000గా, రెండో సగం చెరి 40,000గా పంచాలి. రాముకి 88,000, సోముకి 72,000. రెండో సగంలో అమ్మకాలు రెట్టింపయ్యాయని లెక్క చెబితే మాత్రం ఈ సగం సగం పనికిరాదు. లాభాన్ని 1:2గా విడగొట్టాలి. నిష్పత్తి మారినప్పుడు వాటా పెరిగిన సోము గుడ్‌విల్ కింద రాముకి కొంత ఇచ్చుకోవాలి కూడా. ఈ లెక్క దాని ఊసెత్తలేదు, మనమూ ఎత్తొద్దు.

సరిచూసుకోవడానికి ఒక దారి ఉంది. వడ్డీ, లాభం కలిపి, సొంతవాడకాలూ వాటి వడ్డీ తీసేస్తే కరెంటు ఖాతాల్లో రాముకి 48,100, సోముకి 20,700 మిగులుతాయి. రెండూ కలిపి 68,800. మొదటి లాభం 1,88,800లోంచి ఇద్దరూ వాడుకున్న 1,20,000 తీసేసినా అదే. అయితే ఈ పరీక్ష కూడికల తప్పులనే పట్టిస్తుంది. మా పిల్ల 96,000 కూడా ఇందులో నెగ్గేస్తుంది, ఎందుకంటే రాముకి ఎక్కువైనది సోముకి తగ్గింది.

"ఈసారి పేజీని చేత్తో అదిమిపట్టి ఫోటో తీయవే తల్లీ" అని జవాబు పెట్టాను.