కదిపితేనే వెలిగే కెటిల్

హైదరాబాద్‌లో ఇద్దరు విద్యార్థులు అద్దెకుండే గదిలోని స్టీలు కెటిల్ నెల రోజులుగా మొరాయిస్తోంది. బేస్ మీద పెట్టి అటూ ఇటూ తిప్పితే లైటు వెలుగుతుంది, చెయ్యి తీస్తే ఆరిపోతుంది. ఒక ఉదయం ప్లాస్టిక్ కాలిన వాసన రావడంతో రిపేరు షాపుకు పట్టుకెళ్లారు.

అది 1500 వాట్ల కెటిల్. 230 వోల్టుల దగ్గర సుమారు ఆరున్నర ఆంపియర్ల కరెంటు లాగుతుంది. అదంతా బేస్ మధ్యలోని చిన్న ఇత్తడి పలకల గుండానే వెళ్లాలి. నీళ్లు చిందో, మసి పట్టో, స్ప్రింగు పట్టు సడలో ఆ అతుకు దగ్గర ఒక్క ఓమ్ నిరోధం ఏర్పడినా, అక్కడే దాదాపు 40 వాట్ల వేడి పుడుతుంది. చిన్న టంకం కడ్డీ వేడి అంతకన్నా తక్కువే! ఆ వేడికి స్ప్రింగు ఇంకా సడలుతుంది, అతుకు ఇంకా కాలుతుంది.

మెకానిక్ ప్లగ్ తీసేసి, కెటిల్ ఖాళీ చేసి చల్లారనిచ్చాడు. అడుగున ఉన్న మూడు కాంటాక్టుల్లో స్టీలు ఒంటితో దాదాపు సున్నా ఓమ్‌లు చూపినది ఎర్త్. స్విచ్ నొక్కి మిగతా రెండింటి మధ్య మల్టీమీటర్ పెడితే 35 ఓమ్‌లు వచ్చింది. 1500 వాట్ల హీటర్‌కు ఉండాల్సిందే అది. అంటే హీటర్, స్విచ్ రెండూ బాగున్నాయి. రీడింగ్ అసలు రాకపోతే లోపల హీటర్ కొసల దగ్గరే కొలవాలి. అక్కడ 35 వస్తే తప్పు స్విచ్‌దో థర్మోస్టాట్‌దో, అక్కడా రాకపోతే హీటర్ పోయినట్టే.

బేస్‌లో ఒక పలక నల్లబడి గుంట పడింది. దాన్ని తాకే పై కాంటాక్టూ అంతే. కింది ముక్క ఒక్కటే మారిస్తే పాత గుంట కొత్త పలకను కాల్చేస్తుంది. అందుకే అదే మోడల్ సెట్టు తెప్పించి రెండూ మార్చాడు. చూడటానికి ఒకేలా ఉన్న వేరే కంపెనీ బేస్‌లో ఎత్తు కాస్త తేడా వచ్చినా అతుకు సరిగా కూర్చోదు.

స్విచ్ సంగతి వేరు. ఆవిరి తగిలి ఒంగే రెండు లోహాల చిన్న బిళ్ల దాన్ని ఆపుతుంది. మూత తెరిచి ఉంటే ఆవిరి దాని దాకా చేరదు, అది లోపం కాదు. మూత వేసినా ఆగకపోతే ముందు ఆవిరి దారిలో సున్నపు పొర చూడాలి. స్విచ్‌ను తప్పించి వైర్లు నేరుగా కలిపించుకోవడం మాత్రం ఎన్నటికీ వద్దు. నీళ్లు ఇంకిపోయినప్పుడు కాపాడే థర్మోస్టాట్‌నూ అలా తప్పించకూడదు.

హీటర్ పోయినా, అడుగున నీళ్లు కారినా, ముట్టుకుంటే జిల్లుమన్నా, ప్లాస్టిక్ ఒళ్లు కరిగినా రిపేరు మాట మానుకుని కొత్తది కొనాలి. చాలా కెటిళ్లలో హీటర్ అడుగు పళ్లేనికే అతికి ఉంటుంది, విడిగా మార్చే వీలుండదు. పారేసే ముందు బేస్ వైరు కత్తిరించేస్తే, చెత్తలో దొరికిందని ఎవరూ తీసుకెళ్లి మళ్లీ ప్లగ్గులో పెట్టరు.