సైటు మారింది, మెయిల్ ఆగింది

ఒక చిన్న దుకాణం వెబ్‌సైటును అర్ధరాత్రి కొత్త సర్వర్‌కు మార్చి, డొమైన్‌కు కొత్త నేమ్‌సర్వర్లు పెట్టారు. పేజీలు చక్కగా తెరుచుకోవడంతో పని అయిపోయిందనుకున్నారు. కానీ కొత్తచోట సైటు చిరునామా చెప్పే ఎ రికార్డు ఒక్కటే ఉంది. మెయిల్ ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పే ఎంఎక్స్ రికార్డులను ఎవరూ ఎక్కించలేదు.

ఎంఎక్స్ లేకపోతే, మెయిల్ పంపే సర్వర్ ఎ రికార్డు చూపిన యంత్రాన్నే, అంటే వెబ్ సర్వర్‌నే, తడుతుంది. అక్కడ మెయిల్ అందుకునే ప్రోగ్రామే లేదు. అయినా పంపే సర్వర్ వెంటనే వదిలెయ్యదు, చాలాసార్లు నాలుగైదు రోజులు ప్రయత్నిస్తూనే ఉంటుంది. అందుకే మొదట్లో ఎవరికీ ఏమీ తెలియదు. పైగా పాత జవాబును ఇంకా దాచుకున్న సర్వర్ల నుంచి కొన్ని గంటలు మెయిల్ వస్తూనే ఉంటుంది. అనుమానం రానివ్వనిది అదే.

```
dig MX example.com
```

దీనికి జవాబు ఖాళీగా వస్తే కారణం దొరికినట్టే. రికార్డులు తిరిగి పెడితే క్యూలో ఆగినవి చేరతాయి. గడువు దాటినవి పంపినవారికే వెనక్కి వెళ్తాయి.