వాల్వు ఎంత సేపట్లో మూశారు?

గుట్ట మీది రిజర్వాయరు నుంచి పట్టణం అంచున ఉన్న వాల్వు దాకా ఆరు కిలోమీటర్ల పైపులైను ఉందనుకుందాం. 600 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న డీఐ పైపు. అందులో నీరు సెకనుకు ఒకటిన్నర మీటర్ల వేగంతో, అంటే మనిషి కాస్త చురుగ్గా నడిచే వేగంతో వస్తోంది. చూస్తే ప్రమాదం ఏమీ కనిపించదు. కానీ ఆ పైపులో ఏ క్షణంలోనైనా సుమారు 1,700 టన్నుల నీరు కదులుతూ ఉంటుంది. చివరన ఉన్న వాల్వును ఒక్కసారిగా మూస్తే ఆ నీరంతా ఏమవుతుంది?

అంతా ఒకేసారి ఆగిపోతుందని అనుకుంటాం. నిజానికి అలా జరగదు. మొదట ఆగేది వాల్వును ఆనుకుని ఉన్న నీరు మాత్రమే. ఆరు కిలోమీటర్ల వెనక ఉన్న నీటికి వాల్వు మూసుకున్న సంగతి ఇంకా తెలియదు, అది తన వేగంతో వస్తూనే ఉంటుంది. ముందు పొర ఆగుతుంది, దాని వెనక పొర వచ్చి దాన్ని నొక్కి తానూ ఆగుతుంది, ఆ వెనక మరొకటి. ఈ ఆగడం ఒక అలలా రిజర్వాయరు వైపు పరుగెత్తుతుంది. ఇలాంటి పైపులో ఆ అల వేగం సెకనుకు దాదాపు 1,000 మీటర్లు. కాబట్టి రిజర్వాయరును చేరడానికి ఆరు సెకన్లు పడుతుంది.

ఆ ఆరు సెకన్లూ పై చివర నుంచి నీరు పైపులోకి దిగుతూనే ఉంటుంది. సెకనుకు ఒకటిన్నర మీటర్ల చొప్పున తొమ్మిది మీటర్ల పొడవు నీరు, అంటే సుమారు రెండున్నర ఘనపు మీటర్లు, మూసి ఉన్న గొట్టంలోకి అదనంగా చేరుతుంది. ఇదివరకే నిండుగా ఉన్న పైపులో దానికి చోటెక్కడిది? నీరు రవ్వంత కుదించుకుపోతుంది, గొట్టం గోడ రవ్వంత సాగుతుంది. రెండూ కలిసి చోటిస్తాయి. నీటిని నొక్కలేమని బళ్ళో చదువుకున్నాం కానీ అది పూర్తిగా నిజం కాదు. నొక్కగలం, కాకపోతే కొంచెం నొక్కడానికే విపరీతమైన ఒత్తిడి కావాలి. ఇక్కడ పుట్టేది ఆ ఒత్తిడే. దీన్నే వాటర్ హ్యామర్ అంటారు.

ఎంత ఒత్తిడో లెక్కకట్టడం కష్టం కాదు. ఆగిపోయిన వేగాన్ని అల వేగంతో గుణించి గురుత్వ త్వరణంతో భాగించాలి. ఒకటిన్నరను వెయ్యితో గుణించి 9.8తో భాగిస్తే 153 వస్తుంది. అంటే 153 మీటర్ల నీటి ఎత్తు, ఫీల్డులో వాళ్ళు అనే లెక్కలో పదిహేను కిలోలకు పైమాటే. మామూలుగా నాలుగు కిలోల ఒత్తిడి ఉండే చోట ఒక్క దెబ్బకు పంతొమ్మిది కిలోల దాకా వెళ్తుంది. మూసిన వాల్వు తలుపు మీద అదనంగా పడే బరువు 40 టన్నులు దాటుతుంది. దగ్గర్లో పైపు లంబంగా మలుపు తిరిగితే ఆ మలుపును బయటికి తోసే బలం ఇంకా ఎక్కువ. మలుపుల దగ్గర పెద్ద పెద్ద కాంక్రీటు దిమ్మలు కట్టేది అందుకే. ఆ దిమ్మ చిన్నదైతే ముందు కదిలేది అదే, ఆ తర్వాత జాయింటులోని రబ్బరు రింగు బయటికి వస్తుంది.

ఈ లెక్కను ప్రయోగాలతో గట్టిగా నిలబెట్టినవాడు రష్యన్ శాస్త్రవేత్త నికొలాయ్ జుకోవ్‌స్కీ. 1897-98లో మాస్కో నగర నీటి సరఫరా కేంద్రంలో పొడవైన గొట్టాలు పరిచి, వాల్వులు మూసి, ఒత్తిడి అలలు ఎలా వెళ్తున్నాయో, ఎలా తిరిగి వస్తున్నాయో కొలిచాడు. నేటికీ ప్రపంచమంతటా ఇంజనీర్లు మొదటి అంచనాకు వాడేది ఆయన పేరు మీద ఉన్న సూత్రాన్నే.

ఇప్పుడు సమయం సంగతికి వద్దాం, ఎందుకంటే అసలు కిటుకు అక్కడే ఉంది. రిజర్వాయరును చేరిన అల అక్కడి నుంచి వెనక్కి తిరిగి, ఒత్తిడిని సడలిస్తూ మరో ఆరు సెకన్లలో వాల్వు దగ్గరికి వస్తుంది. మొత్తం పన్నెండు సెకన్లు. ఈ పన్నెండు సెకన్లలోపు వాల్వు పూర్తిగా మూసుకుంటే, అర సెకనులో మూసినా పదకొండు సెకన్లలో మూసినా పడే దెబ్బ ఒకటే, పూర్తి 153 మీటర్లు. ఎందుకంటే సడలింపు తెచ్చే అల వచ్చేసరికే పని అయిపోయింది. పదకొండు సెకన్లంటే చేతితో వాల్వు తిప్పేవాడికి నెమ్మదిగానే అనిపిస్తుంది. పైపుకు మాత్రం అది హఠాత్తే. ఏది హఠాత్తో తేల్చేది మన తొందర కాదు, పైపు పొడవు. ఇంట్లో ఇరవై మీటర్ల గొట్టానికి అల సెకనులో చిన్న భాగంలోనే వెళ్ళి వస్తుంది కాబట్టి కుళాయి చేత్తో కట్టేస్తే పెద్దగా ఏమీ కాదు. వాషింగ్ మెషీన్‌లోని కరెంటు వాల్వు టక్కున మూసుకున్నప్పుడు మాత్రం గోడలోని పైపు దబ్బుమంటుంది. పీవీసీ గొట్టంలో అల నిదానంగా, సెకనుకు 400 మీటర్ల ప్రాంతంలో నడుస్తుంది. అక్కడ దెబ్బ తక్కువే, కానీ ఆరు కిలోమీటర్లు వెళ్ళి రావడానికి ముప్ఫై సెకన్లు పడుతుంది. అంటే అక్కడ వాల్వును ఇంకా నెమ్మదిగా మూయాలి.

మరి అరవై సెకన్లు తీసుకుని మూస్తే సరిపోతుందా? ఇక్కడే చాలామంది పొరబడతారు. పొడవైన లైనులో ప్రవాహాన్ని అదుపు చేసేది ముందు గొట్టం గోడల ఒరిపిడి, ఆ తర్వాతే వాల్వు. మన ఉదాహరణలో బటర్‌ఫ్లై వాల్వును సగం మూసినా ప్రవాహం పదో వంతు కూడా తగ్గదు. మొదటి ముప్ఫై సెకన్లు దాదాపు వృథా అన్నమాట. నీరు నిజంగా ఆగేది తలుపు చివరి మూడో వంతు తిరిగేటప్పుడు. కాబట్టి కాగితం మీద అరవై సెకన్లున్నా, నీటికి మాత్రం అది పదిహేను, ఇరవై సెకన్ల పనే. అందుకే మంచి వాల్వులను రెండు దశల్లో మూసుకునేలా అమరుస్తారు. మొదటి భాగం చకచకా, చివరి భాగం బాగా నెమ్మదిగా. చేతితో తిప్పే చోట కూడా ఇదే పద్ధతి పాటించాలి. ఇక అయిపోయిందిలే అని చివరి చుట్లు గబగబా తిప్పేయడమే అన్నింటికంటే చెడ్డ అలవాటు.

పన్నెండో సెకను తర్వాత కథ ఇంకో మలుపు తిరుగుతుంది. ఇప్పుడు పైపులోని నీరు రిజర్వాయరు వైపు వెనక్కి కదులుతూ ఉంటుంది, వాల్వు నుంచి దూరంగా లాగుతుంది. ఒత్తిడి ఇందాక ఎంత పెరిగిందో అంతా పడిపోవాలి, కానీ శూన్యం కంటే కిందికి పోవడానికి లేదు. అక్కడ నీరు చల్లగా ఉండగానే ఆవిరై ఖాళీ ఏర్పడుతుంది, నీటి స్తంభం తెగుతుంది. తెగిన నీరు తిరిగి వచ్చి ఢీకొన్నప్పుడు రెండో దెబ్బ పడుతుంది. ఒక్కోసారి మొదటి దెబ్బకంటే అదే పెద్దది. ఈ శూన్యం ఒక్కటే చాలు, పలుచని ఉక్కు గొట్టాన్ని నలిపేయడానికి. 1950లో జపాన్‌లోని ఓయిగావా జలవిద్యుత్ కేంద్రంలో ఈ రెండూ ఒకేసారి జరిగాయి. మరమ్మతు కోసం వాల్వును నడిపే వ్యవస్థలోని నూనెను తీస్తుండగా వాల్వు ఒక్కసారిగా మూసుకుంది. ఒత్తిడికి పెన్‌స్టాక్ చీలింది. నీరంతా బయటికి దూకేసరికి వెనక ఏర్పడిన శూన్యానికి పై భాగంలో పైపు అప్పడంలా అణిగిపోయింది. ముగ్గురు పనివాళ్ళు చనిపోయారు.

మన దగ్గర ఎత్తిపోతల లైన్లలో వాల్వు కంటే ఎక్కువగా దెబ్బ కొట్టేది కరెంటు. కరెంటు పోగానే పంపు కొద్ది సెకన్లలో నెమ్మదిస్తుంది. ఎత్తుకు వెళ్తున్న నీరు మాత్రం ఆగదు, ముందుకే పోతుంది. దాంతో మొదట ఒత్తిడి పడిపోతుంది, లైను గుట్టల మీదుగా ఎక్కి దిగే చోట నీటి స్తంభం తెగుతుంది. తర్వాత ఆ నీరంతా వెనక్కి దొర్లి వచ్చి, అప్పటికే మూసుకున్న నాన్ రిటర్న్ వాల్వును గుద్దుతుంది.

దీనికి చేసే రక్షణలన్నీ చివరికి రెండే పనులు చేస్తాయి. నీరు ఆగే సమయాన్ని పొడిగిస్తాయి, లేదా అల వెళ్ళి తిరిగి రావలసిన దూరాన్ని తగ్గిస్తాయి. పంపు పక్కన పెట్టే ఎయిర్ వెసెల్ మొదటి రకం. అది కొంత నీరు, కొంత గాలి నింపిన పెద్ద ఉక్కు డ్రమ్ము. పంపు ఆగగానే గాలి వ్యాకోచించి డ్రమ్ములోని నీటిని లైనులోకి తోస్తుంది, స్తంభం తెగకుండా మెల్లగా నిదానిస్తుంది. వెనక్కి వచ్చేటప్పుడు అదే గాలి నలిగి, దెబ్బను ఊపుగా మారుస్తుంది. ఆ గాలి మెల్లమెల్లగా నీటిలో కరిగిపోతుంది. కంప్రెసరుతో నింపుతూ, గాజు గొట్టంలో నీటి మట్టం రోజూ చూస్తుండాలి. గాలి అయిపోయిన డ్రమ్ము లైనుకు ఏ రక్షణా ఇవ్వదు. ఎత్తైన చోట్ల ఎయిర్ వాల్వు శూన్యం రాకుండా గాలిని పీల్చుకుంటుంది. అయితే పీల్చినంత వేగంగా ఆ గాలిని వదిలేస్తే రెండు వైపుల నీరూ వచ్చి ఢీకొంటాయి. కాబట్టి లోపలికి తొందరగా, బయటికి నెమ్మదిగా పోయే రకమే పెట్టాలి.

రెండో రకానికి కాళేశ్వరం పథకంలోని లక్ష్మీపూర్ భూగర్భ పంప్‌హౌస్ మంచి ఉదాహరణ. అక్కడ ఒక్కొక్కటి 139 మెగావాట్ల పంపులు ఏడు ఉన్నాయి. పంపులు ఒక్కసారిగా ఆగిపోతే సొరంగంలో వస్తున్న నీటికి వెంటనే ఆగడం చేతకాదు. అందుకే పంపుల ముందు సర్జ్ పూల్ తవ్వారు. పైకి తెరిచి ఉన్న ఆ బావిలో నీటిమట్టం లేస్తుంది, దిగుతుంది, మెల్లగా సర్దుకుంటుంది. సొరంగం మొత్తం పొడవు పంపుల మీద దెబ్బ కొట్టే అవకాశం అలా తప్పుతుంది.

ఏ లైనులో ఈ జబ్బు ఉందో గుర్తుపట్టడానికి కొన్ని ఆనవాళ్ళున్నాయి. కరెంటు పోయి వచ్చిన కాసేపటికే లైను పగలడం, పదే పదే ఒకే చోట పగలడం, పగులు తర్వాత కాకుండా మామూలు రోజుల్లోనే కుళాయిలో బురదనీరు రావడం. చివరిది ప్రజారోగ్యానికి సంబంధించిన సంగతి. లైనులో శూన్యం ఏర్పడినప్పుడు కారే జాయింట్ల గుండా చుట్టూ ఉన్న మురుగునీరు లోపలికి వస్తుంది. పంప్‌హౌస్‌లోని మామూలు గేజీ ముల్లు ఈ దెబ్బను పట్టుకోలేదు, అది కదిలేలోపు అల దాటిపోతుంది. సెకనుకు వంద సార్లు ఒత్తిడిని నమోదు చేసే పరికరాన్ని కొన్నాళ్ళు బిగిస్తే లైను గుట్టు బయటపడుతుంది.

పగిలిన ప్రతిసారీ పైపు నాసిరకమని కొత్త పైపు వేస్తే ఖర్చే తప్ప ఫలితం ఉండదు. మీ ఊరి లైను మళ్ళీ మళ్ళీ పగులుతుంటే అధికారులను రెండు ప్రశ్నలు అడగండి. ఈ లైనుకు సర్జ్ లెక్కలు కట్టారా? వాల్వు ఎంత సేపట్లో మూయాలో వాల్వు గది గోడ మీద రాసి ఉందా?